'ఆర్ఆర్ఆర్' ముందుగా ఏ భాషలో చూడాలి?

2022 మార్చి 25న 'ఆర్ఆర్ఆర్' అయిదు భాషల్లో ఒకేరోజు థియేటర్లకొచ్చింది. మే 20న ఓటీటీకి వచ్చేసరికి దారులు చీలాయి. హిందీ నెట్‌ఫ్లిక్స్‌కు, తెలుగుతో సహా నాలుగు దక్షిణాది భాషలు జీ5కు వెళ్లాయి. అలా విదేశాల్లో ఇంట్లో కూర్చుని చూసిన ఎందరికో ఈ తెలుగు సినిమా హిందీలో పరిచయమైంది. 2023లో ఆస్కార్ వేదికపై తెలుగులో పాడిన 'నాటు నాటు' వారికి అప్పటిదాకా 'నాచో నాచో'.

హిందీ డబ్బింగ్ నాసిరకం అనడానికి లేదు. ఎన్టీఆర్, రామ్‌చరణ్ ఇద్దరూ సొంత గొంతులతోనే చెప్పారు. అయినా ఒకటి జారిపోయింది: యాస.

తెలుగులో భీమ్ తెలంగాణ మాట మాట్లాడతాడు, రామ్ మాట వేరు. ఢిల్లీలో అక్తర్ పేరుతో తిరుగుతున్నా, భీమ్ నోరు విప్పితే చాలు, అతనిది ఏ నేలో మనకు తెలిసిపోతుంది. (చరిత్రలోని కొమురం భీమ్ గోండు, ఆయన జాతి భాష గోండీ. కాబట్టి సినిమాలోని తెలంగాణ యాస కూడా దర్శకుడు ఎంచుకున్న పద్ధతే. కానీ ఆ ఎంపిక కథకు ఎంతో పనికొచ్చింది.) చివర్లో తన వాళ్లకు చదువు కావాలని అతను రామ్‌ని అడుగుతాడు. అడవి బిడ్డకూ, చదువుకున్న పోలీసు అధికారికీ మధ్య ఉన్న దూరాన్ని అంతవరకూ వాళ్ల మాటతీరే మోసుకొచ్చింది. కొరడా దెబ్బల మధ్య వచ్చే 'కొమురం భీముడో' పాటను సుద్దాల అశోక్ తేజ ఆ నేల పలుకుబడితోనే రాశారు. అనువాదంలో అర్థం నిలుస్తుంది, ఊరు నిలవదు.

పెదవుల సంగతీ ఉంది. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాలి. క్లోజప్‌లో అవి కలిసినచోట డబ్బింగ్ రచయిత అలాంటి అక్షరమే వెతుక్కోవాలి. ఆ అవసరంకొద్దీ సహజమైన మాట పోయి, సరిపోయే మాట వస్తుంది. రెండు క్లోజప్‌లు శ్రద్ధగా గమనిస్తే సినిమా ఏ భాషలో తీశారో పట్టేయొచ్చు.

అన్ని సినిమాలకూ మూలం ఒక్కటే ఉండదు. 2015 నాటి 'బాహుబలి'ని తెలుగు, తమిళ భాషలు రెండింట్లోనూ చిత్రీకరించారు. దానికి హిందీ, మలయాళాలే డబ్బింగ్. తమిళం వచ్చినవారు ఆ సినిమాను తమిళంలో చూసినా లోటేమీ లేదు. మూల భాష అంటే అందరివీ సొంత గొంతులనీ కాదు. తెలుగు 'సీతారామం'లో దుల్కర్ సల్మాన్ తనే చెప్పుకున్నారు, మృణాల్ ఠాకూర్‌కు మాత్రం చిన్మయి గొంతిచ్చారు. అందుకే నటుల సొంత గొంతు కంటే, షూటింగ్‌లో పలికిన భాషే నమ్మదగిన గుర్తు.

'ఆర్ఆర్ఆర్' విషయంలో ఆ భాష తెలుగు. విదేశాల్లో పెరుగుతున్న పిల్లలకు దీన్ని హిందీలో చూపించిన తెలుగు తల్లిదండ్రులు ఒక్కసారి తెలుగులోనూ పెట్టండి. భీమ్ మాట, రామ్ మాట ఎందుకు వేరుగా ఉన్నాయో పిల్లలు అడిగితే కూర్చోబెట్టి చెప్పండి.