‘ద్రవాహారం’ అంటే సరిపోదు

కొలనోస్కోపీకి ముందురోజు ‘ద్రవాహారం మాత్రమే’ అని చీటీలో రాస్తే, మన పలాస, టెక్కలి వైపు వారు గంజి, మజ్జిగ తాగి వస్తారు. తప్పు వారిది కాదు, ఆ మాటది. గంజి, మజ్జిగ మిగిలితే పేగు గోడ సరిగా కనిపించదు. పరీక్ష మళ్ళీ చేయవలసి రావచ్చు. ‘గ్లాసు అవతల వేలు కనిపించేంత తేటగా ఉన్నవే తాగండి’ అని రాయాలని మా అభిప్రాయం.

కొబ్బరినీళ్ళు తేటవే. అయినా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్నవారికి వాటిలోని పొటాషియం ప్రమాదం. వారికి ఫాస్ఫేట్ విరేచన మందు కూడా వద్దు. పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి మేలు.

‘రాత్రి సగం, ఉదయం సగం’ కూడా చాలదు. పరీక్ష 10 గంటలకైతే, రెండో సగం 5కు మొదలుపెట్టి 7కు ముగించాలని రాయాలి. ‘గుండె మందులు ఆపండి’ అంటే బి.పి. బిళ్ళ కూడా మానేస్తారు. డాక్టరు ఆపమన్న మందు పేరు, తేదీ రాయాలి.