బొమ్మ మీద 16,347... కింద మళ్లీ 16,347 ఎందుకు?

2025 ఏప్రిల్ 20, ఆదివారం. ఏపీ మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చిన రోజు. ఆ సాయంత్రం ఫోన్‌లో యూట్యూబ్ తెరిచినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పై నుంచి కింది దాకా ఒకటే వరస. థంబ్‌నెయిల్ మీద పసుపు అక్షరాల్లో ‘మెగా డీఎస్సీ నోటిఫికేషన్ విడుదల, 16,347 పోస్టులు’. దాని కింద టైటిల్ చదివితే మళ్లీ అదే ముక్క. పక్క వీడియోదీ అదే తీరు. ఏది నొక్కాలో తెలియక చాలామంది ముందు కనిపించినదాన్నే నొక్కారు.

ఒంగోలులో బీఈడీ పూర్తిచేసి, డీఎస్సీకి చదువుకుంటూ చిన్న చానెల్ నడుపుతున్న ఒక తమ్ముడు అప్పుడే నాకు ఫోన్ చేశాడు. ‘‘అన్నా, నోటిఫికేషన్ మొత్తం చదివి ఎనిమిది నిమిషాల వీడియో చేశా. పెద్ద చానెళ్ల మధ్య నాది ఎవరికీ కనబడట్లేదు’’ అన్నాడు. లింక్ పంపమన్నాను. వీడియో బాగుంది. బొమ్మ, టైటిల్ మాత్రం అందరివీ ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అతని టైటిల్ ఇది:

‘మెగా డీఎస్సీ నోటిఫికేషన్ విడుదల | 16,347 పోస్టులు | పూర్తి వివరాలు’

థంబ్‌నెయిల్ మీద కూడా ‘పూర్తి వివరాలు’ తప్ప మిగతావన్నీ ఉన్నాయి. అంటే చూసేవాడికి రెండు చోట్లు ఇచ్చి, రెండింట్లోనూ ఒకే కబురు చెప్పాడు. పైగా అది అప్పటికే అందరికీ తెలిసిన కబురు. టీవీ స్క్రోలింగ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పొద్దుటి నుంచీ తిరుగుతున్న అంకె కోసం సాయంత్రం పూట ఎవరూ ఎనిమిది నిమిషాలు కూర్చోరు.

మీరు చదువుతున్న ఈ పేపర్నే చూడండి. శీర్షికలో చెప్పిన మాటను ఫొటో కింది వ్యాఖ్యలో మళ్లీ రాస్తే డెస్క్‌లో ఎవరూ ఒప్పుకోరు. శీర్షిక ‘ఏం జరిగింది’ అని చెబితే, ఫొటో వ్యాఖ్య ‘ఎక్కడ, ఎవరు’ అని చెబుతుంది. యూట్యూబ్‌లో కూడా బొమ్మ, టైటిల్ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. కన్ను ముందు బొమ్మ మీద పడుతుంది, ఆ తర్వాత టైటిల్‌కి దిగుతుంది. దిగినప్పుడు అక్కడ కొత్తగా ఏదో ఒకటి దొరకాలి. దొరక్కపోతే వేలు కిందికి జరిగిపోతుంది.

మరి ఏ మాట పైన, ఏ మాట కింద? ఇది తేలాలంటే వీడియోలో అందరూ చెప్పనిది ఏముందో ముందు తేల్చుకోవాలి. అదే అడిగాను. ‘‘అన్నా, గరిష్ఠ వయసు 42 నుంచి 44కి పెంచారు కదా, దాని మీదే మూడు నిమిషాలు మాట్లాడా. ఏ తేదీ నాటికి వయసు లెక్కిస్తారు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు దానిపైన ఇంకా ఎంత సడలింపు, అన్నీ చెప్పా’’ అన్నాడు. చాలామంది ఆ రోజు నిజంగా వెతుకుతున్నది అదే. ఏళ్ల తరబడి డీఎస్సీ కోసం ఎదురుచూసి, 42 దాటిపోయిందని దిగులుపడ్డవాళ్లు ఒంగోలు కోచింగ్ సెంటర్లలో తక్కువేం లేరు.

అప్పుడు మార్చాం. థంబ్‌నెయిల్ మీద పదాలన్నీ తీసేసి పెద్ద అక్షరాల్లో ‘42 → 44’ అని మాత్రం పెట్టాం. టైటిల్ ఇలా రాశాం:

‘మెగా డీఎస్సీ వయోపరిమితి: ఏ తేదీ నాటికి లెక్క? ఎవరికి అదనపు సడలింపు?’

ఇప్పుడు బొమ్మ ఒక్కటే చూస్తే సగం అర్థమవుతుంది. ఏదో 42 నుంచి 44 అయింది, కానీ ఏమిటది? టైటిల్ చూడగానే ఆ సగం పూర్తవుతుంది, దాంతోపాటు రెండు ప్రశ్నలు మిగులుతాయి. వాటికి జవాబు వీడియోలో ఉంది. ఒక్క మాట కూడా రెండుసార్లు రాలేదు. తమాషా ఏమిటంటే, టైటిల్ పొడవు దాదాపు పెరగలేదు. పాతది 66 క్యారెక్టర్లు, కొత్తది 67.

ఈ లెక్క తెలుగులో రాసేవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. యూట్యూబ్ టైటిల్‌కి హద్దు 100 క్యారెక్టర్లు. తెలుగులో గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా ఒక్కొక్కటీ విడిగా లెక్కకొస్తాయి. ‘ఒంగోలు’ మన కంటికి మూడక్షరాలే, కంప్యూటర్ లెక్కలో ఆరు. ‘నోటిఫికేషన్’ కంటికి ఆరు, లెక్కలో పదకొండు. అంటే బొమ్మ మీద ఉన్న ‘నోటిఫికేషన్’ను టైటిల్‌లోనూ రాస్తే, ఉన్న చోటులో తొమ్మిదో వంతు ఒక్క మాటకే పోయినట్టు. ఫోన్‌లో టైటిల్ మామూలుగా రెండు వరసలే కనిపిస్తుంది, మిగతాది చుక్కల్లోకి పోతుంది. కాబట్టి అసలు హద్దు 100 కంటే తక్కువే అనుకుని, ముఖ్యమైన మాటల్ని ముందుకు తేవడం మేలు.

బొమ్మ మీద ఇబ్బంది ఇంకో రకం. ఇంగ్లిష్ అక్షరాలు దాదాపు ఒకే ఎత్తులో నిలబడతాయి. మనకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ‘పోస్టులు’ అన్న మాటలో ట వత్తు కిందికి దిగుతుంది కాబట్టి వరసల మధ్య ఖాళీ ఎక్కువ వదలాలి. కంప్యూటర్‌లో 1280×720 సైజులో డిజైన్ చేసినప్పుడు చక్కగానే కనిపిస్తుంది. అదే ఫోన్‌లో సజెషన్ల వరసలోకి చిన్నగా వచ్చేసరికి వత్తులు అక్షరాలకు అతుక్కుపోయి మచ్చలా ఉంటుంది. అందుకే తెలుగు థంబ్‌నెయిల్ మీద రెండు మూడు మాటలు మించకూడదని నా లెక్క. వత్తులు తక్కువున్న మాటైతే ఇంకా మంచిది. కింద కుడి మూలలో వీడియో నిడివి అంకె వచ్చి కూర్చుంటుంది కాబట్టి అక్కడ ఏమీ రాయొద్దు. ‘16,347’లో చివరి 7 దాని కింద దాక్కున్న బొమ్మలు ఆ వారమంతా చూశాను.

ఇక్కడ ఒక పొరపాటుకి వీలుంది. పదాలు పంచుకోమన్నారు కదా అని అసలు పేరునే బొమ్మ మీదికి పంపి, టైటిల్‌లో ‘ఎట్టకేలకు శుభవార్త!’ అని వదిలేసేవాళ్లున్నారు. అలా చేస్తే వీడియో సెర్చ్‌లో దొరకడం కష్టం. యూట్యూబ్ వెతుకులాటలో టైటిల్, డిస్క్రిప్షన్, వీడియోలోని విషయం లెక్కకొస్తాయి. బొమ్మ మీద గీసిన అక్షరాలను నమ్ముకోలేం. గూగుల్ ఫలితాల్లో, చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌లో టైటిల్ ఒంటరిగానే నిలబడాలి. కాబట్టి ‘డీఎస్సీ’, ‘వయోపరిమితి’ లాంటి వెతికే మాటలు టైటిల్‌లోనే ఉండాలి. బొమ్మ మీద లేకపోయినా నష్టం లేదు. ఇంగ్లిష్‌లో AP DSC age limit అని కొట్టేవాళ్ల సంగతేంటని తమ్ముడు అడిగాడు. ఆ ముక్కని డిస్క్రిప్షన్ మొదటి వరసలో పెట్టించాను. టైటిల్‌లో డీఎస్సీని రెండు లిపుల్లో రాయడం కూడా ఒక మాటను రెండుసార్లు రాయడమే.

ఇంకో హద్దు ఉంది, అది నిజాయతీకి సంబంధించింది. మొదట్లో తమ్ముడు బొమ్మ మీద ‘44 దాటితే అంతే!’ అని పెడదామన్నాడు. వద్దన్నాను. బీసీ, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆపైన సడలింపు ఉంది, ఆ సంగతి వీడియోలో తనే చెప్పాడు. 45 ఏళ్ల ఎస్సీ అభ్యర్థి ఎవరైనా ఆ బొమ్మ చూసి, టైటిల్ చదవకుండానే ఆశ వదులుకుని పోతే? బొమ్మ, టైటిల్ సగం సగం చెప్పుకోవచ్చు గానీ ఏ సగమూ అబద్ధం కాకూడదు.

యూట్యూబ్ కూడా ఈ మధ్య దీన్ని పట్టించుకుంటోంది. వీడియోలో లేనిదాన్ని టైటిల్‌లో, థంబ్‌నెయిల్‌లో ఆశపెట్టే వీడియోల మీద, ముఖ్యంగా తాజా వార్తల విషయంలో, మన దేశంలో కఠినంగా ఉంటామని 2024 డిసెంబరులో ప్రకటించింది. మొదట్లో స్ట్రైక్ వేయకుండా వీడియోని తొలగిస్తామని చెప్పింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన జిల్లాలో ముండ్లమూరు, తాళ్లూరు వైపు వరుసగా స్వల్ప భూప్రకంపనలు వచ్చాయి. అలాంటి వార్తకు టైటిల్‌లో ‘స్వల్ప ప్రకంపనలు’ అని నిజమే రాసి, పైన ఎక్కడిదో కూలిన భవనం ఫొటో పెట్టారనుకోండి. పదాలు ఎక్కడా రెండుసార్లు రాలేదు, కానీ అది మోసమే. అక్కడ బొమ్మ మీద మండలం మ్యాప్, ‘వరుసగా 3వ రోజు’ అన్న మాట చాలు. ఊరి పేర్లు, తీవ్రత టైటిల్ చూసుకుంటుంది.

మార్చింది పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? YouTube Studioలో ఇంప్రెషన్స్ క్లిక్-త్రూ రేట్ కనిపిస్తుంది. బొమ్మ వందసార్లు కనిపిస్తే ఎన్నిసార్లు నొక్కారన్నది అది. సగం చానెళ్లు, వీడియోలకు ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతుంది. అయితే ఈ అంకె ఒక్కటే చూసి మురిసిపోకూడదు. వీడియో కొత్తవాళ్లకు ఎక్కువగా చూపించినప్పుడు ఈ రేటు సహజంగానే తగ్గుతుంది. పక్కనే సగటు వీక్షణ సమయం చూడాలి. నొక్కేవాళ్లు పెరిగి, మొదటి అర నిమిషంలోనే వెళ్లిపోతుంటే బొమ్మ చెప్పిన మాట వీడియో ఆలస్యంగా చెబుతోందనో, అసలు చెప్పట్లేదనో అర్థం. మా తమ్ముడి వీడియోలో వయసు సంగతి నాలుగో నిమిషంలో ఉంది. బొమ్మ మార్చాక దాన్ని మొదటికి తేవాల్సి వచ్చింది. యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియోలో ముక్కల వరస మార్చలేం కాబట్టి కత్తిరించి మళ్లీ అప్‌లోడ్ చేశాడు, పాత వ్యూస్ పోయాయి. బొమ్మ, టైటిల్ రికార్డింగ్‌కి ముందే అనుకోవాలని అతనికి అప్పుడు తెలిసింది, నాకూ ఆ రోజే గట్టిగా తెలిసింది.

2024లో Test & compare పేరుతో వచ్చిన సదుపాయంతో ఒకే వీడియోకి మూడు దాకా థంబ్‌నెయిళ్లు పెట్టి పోల్చి చూసుకోవచ్చు. అందులో గెలిచేది ఎక్కువ క్లిక్కులు తెచ్చింది కాదు, ఎక్కువ చూసే సమయం తెచ్చింది. అయితే వ్యూస్ తక్కువున్న చిన్న చానెల్‌కి తేడా స్పష్టంగా తేలకపోవచ్చు. అలాంటప్పుడు నేను చేసే పని పాతది. బొమ్మని ఫోన్‌లో పెట్టి, టైటిల్ కింద రాసి, ఆ విషయం తెలియని మనిషికి రెండు సెకన్లు చూపించి లాగేసుకుంటాను. ‘ఏం ఉంటుంది ఇందులో?’ అని అడుగుతాను.

తమ్ముడు తన కొత్త బొమ్మని వాళ్ల అక్కకి అలాగే చూపించాడు. ఆవిడ వెంటనే, ‘‘నాకు వర్తిస్తుందా, లేదా?’’ అని అడిగింది.