పోయిన మనిషి కాగితాలు గ్రూపులో ఎందుకు?

మా ఊరి యువజన సంఘానికి కార్యదర్శిగా ఉన్న మాష్టారు ఆ మధ్య కువైట్‌లో ఉన్న ఒక అబ్బాయికి ఉత్తరం రాశారు. ఆ అబ్బాయి మా ఊరివాడే. ఊళ్ళో ఉన్న రోజుల్లో సంఘం పేరిట వాట్సాప్ గ్రూపు పెట్టింది అతడే. ఇప్పటికీ అడ్మిన్ అతడే. ఉత్తరంలో అడిగింది చిన్న సంగతి. రోడ్డు ప్రమాదంలో పోయిన మా వాలీబాల్ కెప్టెన్ వివరాలు, ఫోటోలు గ్రూపులోంచి తీసేయమని. ఆ చిన్న సంగతి మీద ఊరు రెండు వారాలు రెండుగా చీలింది. తప్పు ఒక్కరిది కాదని నా అభిప్రాయం గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆ గ్రూపులో ఏముందో చెప్పాలి. రెండేళ్ళ క్రితం పక్క మండలంలో టోర్నమెంటు గెలిచినప్పుడు బహుమతి డబ్బు ఆటగాళ్ళ ఖాతాల్లో వేస్తామన్నారు. అందుకని ఎవరి ఆధార్ కార్డు, ఎవరి పాస్‌బుక్కు మొదటి పేజీ వాళ్ళు ఫోటో తీసి గ్రూపులోనే పెట్టేశారు. కెప్టెన్ కూడా పెట్టాడు. పని అయింది, కాగితాలు అక్కడే ఉండిపోయాయి. తరువాత ప్రమాదం జరిగిన రోజున ఎవరో ఆసుపత్రి వరండాలో తీసిన ఫోటోలు పెట్టారు. వాటిని ఇక్కడ వర్ణించను. చూసినవాళ్ళకు తెలుసు. వీటితోపాటు కప్పు ఎత్తుకుని నవ్వుతున్న ఫోటోలు, సంక్రాంతి పందేల ఫోటోలు, ఆయన ఫోను నంబరు ఉన్నాయి.

ఆయన పోయిన మూడో నెలలో భార్యకు ఒక ఫోను వచ్చింది. అవతలివాడు బీమా కంపెనీ నుంచి అన్నాడు. భర్త తండ్రి పేరు చెప్పాడు, పుట్టిన సంవత్సరం చెప్పాడు, బ్యాంకు పేరు చెప్పాడు. డబ్బు మంజూరైందని, ఫోనుకు వచ్చే అంకెలు చెబితే చాలని అన్నాడు. ఆమె ఆ అంకెలు చెప్పేదే. పక్కన తమ్ముడు ఉండి ఫోను లాక్కోబట్టి సరిపోయింది. ఆ వివరాలు మా గ్రూపు నుంచే పొక్కాయనడానికి రుజువు లేదు. అలాగని కాదనడానికీ లేదు. గ్రూపులో నూటఎనభై మంది ఉన్నారు. అందులో పాతిక మంది ఎవరో మాష్టారికే తెలియదు.

ఇక ఉత్తరం. దాన్ని ఆయన నాకు చూపించారు. అందులో ముఖ్యమైన మాటలివి:

“బాబూ, నువ్వు క్షేమమని తలుస్తాను. మన కెప్టెన్ ఆధార్, పాస్‌బుక్కు ఫోటోలు గ్రూపులో ఇంకా ఉన్నవి. ఆసుపత్రి ఫోటోలు కూడా ఉన్నవి. అతని భార్య వచ్చి, పిల్లవాడు ఆ ఫోటోలు ఎవరి ఫోనులోనో చూసి రాత్రి నిద్రపోలేదని చెప్పి ఏడ్చింది. దయచేసి ఇవన్నీ వెంటనే తొలగించవలెను. అతని నంబరు కూడా తీసివేయవలెను. కప్పు ఫోటోల సంగతి ఆమెను అడిగి చెబుతాను. ఈ ఉత్తరం గ్రూపులో పెట్టవద్దు.”

ఉత్తరం బాగుంది. అడిగిన పద్ధతీ బాగుంది. నలుగురిలో రచ్చ చేయకుండా ఒక్కడికే రాశారు. అయితే “ఇవన్నీ వెంటనే తొలగించవలెను” అన్న మాట దగ్గరే చిక్కు వచ్చింది. ఆ అబ్బాయి “నా చేతుల్లో లేదు మాష్టారూ” అని జవాబిచ్చాడు. ఊళ్ళో కొందరు దాన్ని పొగరు అన్నారు. కువైట్ డబ్బు మాట్లాడిస్తోందన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

అతడు చెప్పింది నిజమే. వాట్సాప్ గ్రూపులో ఇతరులు పెట్టిన ఫోటోను అందరి ఫోన్లలో కనబడకుండా చేసే అధికారం అడ్మిన్‌కు ఉంది. ఫోటో మీద వేలు నొక్కి ఉంచి Delete for everyone అన్నది ఎంచుకోవాలి. కాని ఆ అవకాశం ఫోటో పెట్టిన తరువాత సుమారు రెండు రోజుల వరకే. ఫోటో పెట్టిన మనిషికైనా అంతే గడువు. రెండు రోజులు దాటితే అడ్మిన్ చెరిపినా అతని ఒక్కడి ఫోనులోనే చెరుగుతుంది, మిగిలిన నూటడెబ్బైతొమ్మిది ఫోన్లలో చెక్కుచెదరదు. రెండేళ్ళ నాటి ఆధార్ ఫోటోకు, నెలల నాటి ఆసుపత్రి ఫోటోకు ఆ గడువు ఎప్పుడో పోయింది. గడువు లోపల చెరిపినా, అప్పటికే ఫోను గ్యాలరీలోకి దిగిన నకలు ఉండిపోవచ్చు. ఇంకో గ్రూపుకు పంపిన నకలు సంగతి చెప్పనే అక్కరలేదు.

అంటే అడ్మిన్ మీద పెట్టవలసిన భారం ఫోటోలు పెట్టిన రోజునే ఉంది. ఆసుపత్రి ఫోటో పడిన ఆ సాయంత్రమే అతడు చెరిపి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. ఆ రోజు ఫోటో కింద నమస్కారం బొమ్మలు పెట్టినవాళ్ళు తొంభై మంది ఉన్నారు, నాతో కలిపి. తీసేయమని ఒక్కరూ రాయలేదు. అడ్మిన్‌ను అనేముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

అయినా అడ్మిన్ చేయగల పనులు కొన్ని మిగిలే ఉన్నాయి, అవి అతడు చేశాడు. గ్రూపు బొమ్మగా కెప్టెన్ ఫోటో ఉండేది, మార్చాడు. గ్రూపు వివరణలో ఆయన నంబరు “సంప్రదించండి” అని ఉండేది, తీసేశాడు. ఎవరో తెలియని పాతిక మందినీ గ్రూపులోంచి తప్పించాడు. ఊళ్ళో మరొకరిని కూడా అడ్మిన్‌ను చేశాడు. ఇది చాలా అవసరం. గ్రూపు మొదలుపెట్టినవాణ్ణి వేరేవాళ్ళు తీయలేరు, అతడు పరదేశంలో డ్యూటీలో ఉంటే రెండు రోజుల గడువు ఇట్టే గడిచిపోతుంది.

సంఘానికి ఫేస్‌బుక్ గ్రూపు కూడా ఒకటి ఉంది. దాని పద్ధతి వేరు. అక్కడ ఎవరు ఎప్పుడు పెట్టిన పోస్టునైనా అడ్మిన్ తొలగించవచ్చు, గడువు లేదు. ఆ అబ్బాయి ఒక్క రాత్రి కూర్చుని అక్కడి ఆసుపత్రి ఫోటోలు తీసేశాడు.

వాట్సాప్ పాత ఫోటోల సంగతి మాత్రం ఫోను ఫోనుకూ చేయవలసిన పనే. ఒక ఆదివారం సాయంత్రం మాష్టారు రామాలయం అరుగు మీద కూర్చున్నారు. ఊళ్ళో ఉన్న సభ్యులు ఒక్కొక్కరే ఫోను తెచ్చారు. గ్రూపు పేరు మీద నొక్కి Media, links and docs లోకి వెళితే పెట్టిన ఫోటోలన్నీ వరసగా కనిపిస్తాయి. కాగితాల ఫోటోలు, ఆసుపత్రి ఫోటోలు ఎంచి చెరిపించారు. తరువాత గ్యాలరీలో వెదికించారు, అక్కడ చెత్తబుట్టలో ఉన్నవి కూడా తీయించారు. ఫోనుకు ఇరవై నిమిషాలు పట్టింది. ఇద్దరు ముగ్గురు “మా ఫోను మా ఇష్టం” అన్నారు. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు, అనడానికి వీలూ లేదు. పై ఊళ్ళలో ఉన్నవాళ్ళకు మాష్టారు విడివిడిగా ఫోను చేశారు. ఎందరు తీశారో చెప్పలేం. అసలు పూర్తిగా పోతాయన్న ఆశ పెట్టుకోకూడదు. అందుకే బ్యాంకులో మరణ ధ్రువపత్రం ఇచ్చి ఆ ఖాతా సంగతి తేల్చుకోమని ఆమెకు మాష్టారే చెప్పారు. కాగితం ఫోటో ఎక్కడ తిరిగినా ఖాతా మూతపడితే దానితో పని తక్కువ.

నంబరు విషయంలో తొందరపడవద్దని ఆమే అడ్డం వచ్చారు. ఆయన ఫోను ఆమె దగ్గరే ఉంది. గ్రూపులో ఆయన పంపిన గొంతు సందేశాలు కొన్ని ఉన్నాయి, రేపు ఐదింటికి ప్రాక్టీసు, వల తీసుకురండి, అలాంటివే. అవి పోతాయేమోనని ఆమె భయం. గ్రూపులోంచి తీసేసినా ఆ ఫోనులో అప్పటిదాకా వచ్చినవి ఉంటాయి. అయినా ఆమె తమ్ముడు వాటిని ముందు వేరే చోట దాచి పెట్టాకే నంబరు తీశారు. మాష్టారు ఉత్తరం రాసేముందు ఆమెను ఈ సంగతి అడగలేదు. అడిగి ఉండవలసింది.

నంబరు అలాగే గ్రూపులో వదిలేయడం కూడా మంచిది కాదు. రీఛార్జి ఆగి నంబరు రద్దయితే, 90 రోజుల తరువాత కంపెనీ దాన్ని వేరేవారికి ఇవ్వవచ్చు. ఈ విషయం మీద సుప్రీంకోర్టుకు వెళ్ళిన కేసులో 2023లో ట్రాయ్ చెప్పింది ఇదే. అప్పుడు కొత్త మనిషి చేతిలోకి పాత నంబరు వెళుతుంది. పాత గ్రూపుల్లో ఆ నంబరు ఉంటే కెప్టెన్ పేరుతో ఎవరో ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. బ్యాంకు సందేశాలు కూడా ఆ కొత్త మనిషికే పోవచ్చు. కాబట్టి బ్యాంకు, బీమా, గ్యాసు పనులు తెమిలేదాకా ఆ సిమ్‌కు చిన్న రీఛార్జి చేస్తూ ఉండటం ఖర్చు కాదు.

కొందరు యువకులు మరో మాట అన్నారు. “మన కెప్టెన్‌ను మన సంఘమే చెరిపేస్తుందా?” అని. వాళ్ళ బాధ అర్థమవుతుంది. కాని సంఘం మనిషిని గుర్తుంచుకునే చోటు సభ్యత్వ రిజిస్టరు. అందులో ఆయన పేరు ఉంది, చేరిన తేదీ ఉంది, ఎదురుగా “కాలం చేశారు” అని తేదీ వేసి మాష్టారు ఎర్ర సిరాతో రాశారు. దాన్ని ఎవరూ తీయమనలేదు. ఆధార్ నంబరు జ్ఞాపకం కాదు. ఆసుపత్రి వరండా అంతకన్నా కాదు.

చట్టం ఏమంటుందని కూడా అడిగారు. వ్యక్తుల వివరాల రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం అమలుకు అప్పటి నుంచి 18 నెలల గడువు పెట్టారు. తాను పోయాక తన తరఫున అడిగే మనిషిని ముందే నియమించుకునే హక్కు అందులో ఉంది. సొంత, ఇంటి అవసరాల వాడకానికి మాత్రం ఆ చట్టం వర్తించదు. ఊరి సంఘం గ్రూపు ఏ వైపుకు వస్తుందో వాదించుకుంటూ కూర్చునే బదులు మాష్టారు చట్టం పేరెత్తకుండా రాయడమే నయమనిపించింది. చట్టం పేరు చూస్తే ఆ అబ్బాయి బెదిరి గ్రూపే వదిలేసి పోయేవాడు.

ఇప్పుడు టోర్నమెంట్ల కాగితాలు గ్రూపులో పెట్టనివ్వడం లేదు. ఎవరికి కావాలో వారికే విడిగా పంపాలి. ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్ కాపీ ఇమ్మంటున్నారు, ఆధార్ సంస్థ వెబ్‌సైటులోనే అది దొరుకుతుంది. నిర్వాహకులు కొందరు దాన్ని ఒప్పుకోరు. అప్పుడు మాష్టారే వెళ్ళి మాట్లాడుతున్నారు.

కప్పు ఫోటోల గురించి ఆమెను అడిగితే రెండు రోజులు ఆలోచించి, ఒకటి ఉంచమన్నారు. అందరూ కలిసి ఉన్నది, ఆయన చివరన నిలబడి కళ్ళు మూసుకుని నవ్వుతున్నది. అదిప్పుడు గ్రంథాలయం గోడకు ఉంది.