వెన్నెల రాత్రి, చీకటి రాత్రి: వాంగ్మూలంలో ముందు వెనుకలు

ప్రతి సెప్టెంబరులోనూ 17వ తేదీ విమోచనమా, విలీనమా, విద్రోహమా అన్న వాదం పత్రికలలో తిరిగి లేస్తుంది. వాదించే వారందరూ 1948ని సైన్యాల తేదీలతో, నాయకుల ప్రకటనలతో చెబుతారు. బీదర్, ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్ ప్రాంతాలలో ఆ దినాలను పసితనంలో చూసినవారి మాటలు మాత్రం మన ఇళ్ళలోని పాత క్యాసెట్లలోనూ, మనవల ఫోన్లలోనూ పడి ఉన్నాయి. వాటిని ఎవరైనా బయట పెడితే వెంటనే ఒక ఆక్షేపణ వస్తుంది. మాటలు ఒకదానికొకటి పొసగడం లేదనీ, ముందుది వెనుకకూ వెనుకది ముందుకూ పోతున్నదనీ, కనుక సాక్ష్యంగా నిలవదనీ అంటారు.

ఈ ఆక్షేపణకు భయపడి మనవారు ఒక పని చేస్తున్నారు. అవ్వ చెప్పిన మాటలను తామే వరుసగా సర్ది, అతుకులు వేసి, "నేను" అని ఆమె చెబుతున్నట్లే ప్రచురిస్తున్నారు. ఇది సాక్ష్యానికి మేలు కన్న కీడే ఎక్కువ చేస్తుందని మా నిశ్చితాభిప్రాయం. వరుస కట్టవలసిందే. కానీ అది వేరే కాగితం మీద, మన పేరున జరగాలి. ఆమె మాట ఆమె చెప్పిన క్రమంలోనే ఉండాలి.

ఎందుకో ఒక కథనం ద్వారా చూద్దాము. ఇది ఏ ఒక్క వ్యక్తిదీ కాదు. ఇటువంటి కథనాలలో సాధారణంగా కనిపించే మలుపులను ఒక్కచోట కూర్చి చెబుతున్నాము. బీదరు వైపు ఒక గ్రామం, అప్పటికి పదేళ్ళ బాలిక, గంటకు పైగా సాగిన దక్కనీ ఉర్దూ సంభాషణ అనుకోండి.

మూడవ నిమిషంలో ఆమె, "పోలీస్ యాక్షన్ నాడు అబ్బాను తీసుకుపోయారు" అంటుంది. తొమ్మిదవ నిమిషంలో రజాకార్లు చందా అడగడానికి వచ్చారనీ, అబ్బా ఇవ్వలేదనీ చెబుతుంది. పద్నాలుగులో జొన్నచేలో దాగిన రాత్రి వస్తుంది. ఇరవై రెండులో హైదరాబాదులో బంధువుల ఇంట్లో బక్రీదు. ముప్పై ఒకటిలో తిరిగి ఊరికి రావడం, ఇంటి తలుపులు లేకపోవడం, చేలో కొయ్యకాళ్ళు మాత్రమే మిగలడం. ముప్పై ఎనిమిదిలో మళ్ళీ అబ్బా. నలభై నాలుగులో మళ్ళీ జొన్నచేను. యాభై రెండులో ఎవరో పెద్దమనుషులు వచ్చి పేర్లు వ్రాసుకున్నారనీ, అమ్మీ తెర వెనుక నుంచి అబ్బా పేరు చెప్పిందనీ అంటుంది.

మొదట చేయవలసినది మాటకు మాట ఎత్తి వ్రాయడం. ప్రతి సంఘటన పక్కన అది ఏ నిమిషంలో వచ్చిందో గుర్తు పెట్టుకోవాలి. తరువాత ఒక్కొక్క సంఘటనకు ఒక్కొక్క చీటీ. చీటీ మీద మూడు సంగతులు చాలు: ఏమి జరిగింది, ఆమె వాడిన కాలపు మాట యథాతథంగా ఏమిటి, ఆమె స్వయంగా చూసినదా లేక విన్నదా. తేదీ వ్రాయవద్దు. ఇక్కడ తొందరపడి తేదీ వేసినవారు ఆ తేదీకే మిగిలిన చీటీలన్నిటినీ లొంగదీస్తారు.

చీటీలను నేల మీద పరచి, రెండేసిగా పోల్చాలి. ఈ రెండింటిలో ఏది ముందు? ఎలా తెలిసింది? ఒక సంగతి జరగనిదే రెండవది జరగదు అన్న ఆధారం అన్నిటికన్న గట్టిది. ఊరు విడవనిదే తిరిగి రావడం ఉండదు. దాని తరువాతది ఆమె నోటి మాట. "ఉస్ కే పహలే" అంటే దానికి ముందే అని గట్టిగా తీసుకోవచ్చు. కానీ "ఫిర్" అన్న మాటను నమ్మరాదు. మన "అప్పుడేమైంది" వలెనే అది కథను నడిపించే ఊతపదం, కాలాన్ని చెప్పేది కాదు. ఇక ఏది ముందు చెప్పింది, ఏది తరువాత చెప్పింది అన్నదానికి కాలక్రమంలో విలువ సున్న.

ఇప్పుడు జొన్నచేను దగ్గరకు వద్దాము. పద్నాలుగవ నిమిషంలో ఆమె, నడిరాత్రి చంద్రుడు నెత్తి మీద ఉన్నాడనీ, వెన్నెలలో తెల్లని దుప్పటి ఎవరికైనా కనబడుతుందని దాదీ దానిని మట్టిలో అద్దిందనీ చెబుతుంది. నలభై నాలుగవ నిమిషంలో అదే చేను గూర్చి, పక్కన ఉన్న తమ్ముడి ముఖం కూడా కనబడనంత చీకటి అంటుంది. ఆక్షేపించేవారికి ఇంతకన్న ఏమి కావాలి? అతుకులు వేసేవారు ఈ రెండింటిలో ఒకదానిని నిశ్శబ్దంగా తీసివేస్తారు.

తీసివేయకుండా మరికొంత విందాము. వెన్నెల రాత్రి తమ్ముణ్ణి అబ్బా భుజాన వేసుకున్నాడు. చీకటి రాత్రి తమ్ముణ్ణి మోసినది దాదీ. అంటే ఇవి రెండు వేర్వేరు రాత్రులు. వీటి నడుమ అబ్బా లేకుండా పోయాడు. పొసగని మాట అనుకున్నదే ఈ కథనం మొత్తానికి ఇరుసు అయింది. మా అనుభవంలో వరుస ఎక్కడ తిరగబడి ముడి పడుతుందో అక్కడ చాలాసార్లు రెండు సంఘటనలు ఒకే పేరుతో దాగి ఉంటాయి. ముడిని తెంపక ముందు, అక్కడ ఎవరెవరు ఉన్నారో లెక్కించాలి.

చీటీల వరుస నిలిచిన తరువాతనే పంచాంగం తీయాలి. 1948 సెప్టెంబరు 18 పౌర్ణమి. అక్టోబరు 2 రాత్రికి అమావాస్య. నడిరాత్రి చంద్రుడు నెత్తి మీద ఉండడం పౌర్ణమికి మూడు నాలుగు రోజుల ఇటూ అటూ మాత్రమే కుదురుతుంది. కనుక మొదటి రాత్రి సుమారు సెప్టెంబరు 14కూ 22కూ నడుమ. చీకటి రాత్రిని ఇంత ధైర్యంగా చెప్పలేము. అది వానకాలం, మబ్బు పట్టినా చీకటే. అమావాస్యకు దగ్గరగా కావచ్చునని మాత్రమే వ్రాయాలి. వెన్నెల ఉన్నదంటే ఆధారం. లేదంటే అది సగం ఆధారమే.

అబ్బా విషయంలో మరొక కొలత ఉన్నది, అది మన ఇళ్ళలోని స్త్రీలకే తెలిసినది. "మీలాద్ గడిచింది, నెల ఇంకా మారలేదు, అమ్మీ ఇద్దత్ ముగిసింది" అని ఆమె మాటల నడుమ అనేస్తుంది. భర్త మరణించిన స్త్రీ ఇద్దత్ నాలుగు చాంద్రమాన మాసాల పది రోజులు. మీలాద్ రబీవుల్ అవ్వల్ 12. కనుక ఇద్దత్ ముగిసినది ఆ నెల 13కూ నెలాఖరుకూ నడుమ. అక్కడి నుంచి వెనుకకు లెక్కిస్తే జీఖాద మాసం 3 నుంచి 19 వరకు వస్తుంది. ఆ ఏడు అది సుమారు సెప్టెంబరు 8 నుంచి 24 వరకు, నెలవంక కనబడడాన్ని బట్టి ఒక రోజు తేడా. వెన్నెల రాత్రి అబ్బా ఉన్నాడు గనుక తొలి రోజులు తొలగిపోతాయి. మిగిలినది సెప్టెంబరు 14 నుంచి 24 లోపు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ధర్మశాస్త్రం ప్రకారం ఇద్దత్ మరణం నాటి నుంచే లెక్క. అయితే మనిషి ఏమయ్యాడో తెలియని ఇళ్ళలో వార్త రూఢి అయిన నాటి నుంచి లెక్కించి ఉండవచ్చు. అప్పుడు మరణం ఇంకా ముందుకు జరుగుతుంది. ఈ కథనంలో మరునాడు ఉదయమే పొరుగాయన చూసి వచ్చి చెప్పాడు గనుక తేడా ఒక రోజే. ఆ పొరుగాయన మాట లేకపోతే ఈ లెక్కను ఇంత బిగించి చెప్పడం తప్పు.

ఇప్పుడు మూడవ నిమిషంలోని మాట చూడండి: "పోలీస్ యాక్షన్ నాడు." సైనిక చర్య సెప్టెంబరు 13న మొదలై 17న నిజాం కాల్పుల విరమణతో ముగిసింది. అబ్బాను తీసుకుపోయినది 20వ తేదీనో 22నో అయితే అది 'పోలీస్ యాక్షన్ తరువాత' కదా అని వకీలు అడుగుతాడు. మన పల్లెలలో ఆ పేరు ఐదు రోజులది కాదు. దాని వెంట వారాల తరబడి సాగిన భయానికంతటికీ అదే పేరు. పుస్తకం తేదీని ఆమె నోట పెట్టరాదు, ఆమె పదాన్ని పుస్తకంతో కొట్టివేయరాదు. అదే విధంగా 'మహర్', 'ఆబాన్' అని నెల పేరు వస్తే అది ఫస్లీ నెల. నిజాం రాజ్యపు ఫస్లీ సంవత్సరం ఆజూర్ నెలతో, అక్టోబరు తొలివారంలో మొదలయ్యేది. ఆ సంగతి ఎరుగనివారు ఒక ఏడాది తేడా తెచ్చి పెడతారు.

బక్రీదు చీటీ సులభం. 1948లో అది అక్టోబరు నడుమ, దసరాకు ఒకటి రెండు రోజుల తేడాతో వచ్చింది. "ఇద్దరి పండుగలూ కలిసి వచ్చాయి" అని వృద్ధులు అంటే అది ఊరికే అనే మాట కాదు, ఆ ఏటి గురుతు.

ఇక తొమ్మిదవ నిమిషం. అబ్బా మరణం చెప్పిన వెంటనే ఆమె వెనుకకు దూకి రజాకార్ల చందా సంగతి ఎందుకు చెప్పింది? కాలక్రమంలో అది నెలల ముందుది. కానీ ఆమె అక్కడ కాలం చెప్పడం లేదు, జవాబు చెబుతున్నది. జీవితమంతా ఆమె విన్న నింద 'మీ నాన్న రజాకారై ఉంటాడు' అన్నది. అడగకముందే ఆ నిందను కొట్టివేస్తున్నది. చందా సంగతిని సర్ది మొదటి పేజీకి తెస్తే అది చప్పని పూర్వకథ అవుతుంది, ఆమె వాదం మాయమవుతుంది. చెప్పిన క్రమాన్ని చెక్కుచెదరనీయరాదని మేము పట్టుపట్టేది ఇందుకే. కాలక్రమ పట్టికలో ప్రతి వరుస పక్కన నిమిషం వేస్తే చాలు. ఎవరైనా వెళ్ళి విని సరిచూసుకోవచ్చు. తేలనిచోట ఖాళీ వదలాలి.

మళ్ళీ వెళ్ళి అడిగేటప్పుడు తేదీలు అడగవద్దు, మన పట్టికను చూపవద్దు. "నానీమా, సెప్టెంబరులోనే కదా?" అంటే పెద్దవారు మన మాట కాదనలేక ఔననేస్తారు, ఆ ఔను దేనికీ పనికిరాదు. మనుషులను పట్టుకుని అడగాలి. "ఆ రాత్రి అబ్బా మీతో ఉన్నారా?" "అప్పటికి తమ్ముడు నడిచేవాడా?" "గాజులు తీసివేసిన తరువాతనా, ముందా?" వీటికి ఆమె వెతుక్కోకుండా చెబుతుంది.

మన కథనంలో యాభై రెండవ నిమిషం చీటీ ఇంకా ఖాళీగానే ఉన్నది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు సంస్థానంలో తిరిగి, మృతులు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని అంచనా వేసింది. పేర్లు వ్రాసుకున్నది వారేనని వ్రాయాలని చేయి లాగుతుంది. అమ్మీ తెర వెనుక నుంచి మాట్లాడడం ఇద్దత్ రోజులకు సరిపోతుంది కూడా. కానీ సహాయక సంఘాలవారు కావచ్చు, సర్కారు గుమాస్తాలు కావచ్చు. కనుక తిరిగి వెళ్ళినప్పుడు అడగవలసినది ఒక్కటే: ఆ తెర ఏ ఇంటి గుమ్మానికి కట్టారు? హైదరాబాదు బంధువుల ఇంటికైతే ఆ చీటీని జిల్లాల పర్యటనతో ముడిపెట్టడం కష్టం. ఊళ్ళో తలుపులు పోయిన సొంత ఇంటి గుమ్మానికే అయితే, అది కొయ్యకాళ్ళ చీటీకి తరువాత, మీలాద్ చీటీకి ముందు వచ్చి కూర్చుంటుంది.