పెట్టె మీద 65, ఫోనుకు ఏడున్నర

మేము అరవ మీడియంలో చదివినవాళ్ళం, రాతలో తప్పులుంటే మన్నించండి.

"ఫోను పాతబడింది, బ్యాటరీ మార్చండి" అని ఊరికే చెప్పేది ఇక ఆపండి. మేమూ ఆ మాట నమ్మి డబ్బు పోగొట్టుకోబోయినాం. మా ఆఫీసులో మూడు పోర్టుల చార్జరు ఉంది. పెట్టె మీద పెద్దగా 65 వాట్లు అని అచ్చు. ఫోనొక్కటే పెడితే 25 వాట్లు తీసుకొని గబగబా ఎక్కుతుంది. ల్యాప్‌టాపు, ఇంకో ఫోను తగిలిస్తే సాయంత్రమైనా నిండదు.

భూతద్దం పెట్టి చార్జరు మీది చీమతలకాయ అక్షరాలు చదివితిమి. ఆ 65 మొదటి సి పోర్టు ఒంటరిగా ఉంటేనే! రెండు సి పోర్టులూ వాడితే 45, 20. మూడోదీ వాడితే ల్యాప్‌టాపుకు 45 అట్లే, రెండు ఫోన్లకూ కలిపి 5 వోల్టుల మీద 15. తలా ఏడున్నర. రెండో ఫోను తగిలించగానే మొదటిది ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలవుతుంది, తెర మీద "ఫాస్ట్ చార్జింగ్" మాట పోతుంది. పంపకం మారిందనేదానికి అదే గుర్తు.

ల్యాప్‌టాపు నిండినా మా చార్జరు ఆ 45ను వదలదు. మా రైల్వేలోనైతే ఖాళీ బెర్తును ఆర్‌ఏసీ వాళ్ళకిచ్చే టీటీఈ ఉంటాడు, ఇందులో లేడు.

ఉన్న 65నే పంచాలి కదా అంటారు. నిజమే. అయితే ఆ పంపకం పట్టీని పెట్టె ముందరే పెద్దగా వేయను వీళ్ళకేమి నొప్పి? ఇప్పుడు మేము ఫోన్లు నిండినాకే ల్యాప్‌టాపు తగిలిస్తున్నాం.