నాలుగు కుట్లు తక్కువ

ఎవరి పనిలోనైనా తప్పు కనిపిస్తే చెప్పాలా, ఊరుకోవాలా అన్న ప్రశ్నకి నా జవాబు చాలాకాలం ఒకటే: మనకెందుకులే. ఈమధ్య ఒక శాలువా అల్లుతూ ఆ జవాబు మార్చుకున్నాను. ఆ సంగతే ఈ పోస్టు.

మా అమ్మ ఆరునెలలు ఉందామని కమ్మింగ్ వచ్చింది. జార్జియా చలి ఏపాటిదని మనం అనుకుంటాం కానీ, పాలకొల్లు ఎండల్లో పెరిగిన మనిషికి జనవరి జనవరే. స్వెట్టరు వేసుకోమంటే వేసుకోదు. "చీర మీద కోటేమిటే, శాలువా అయితే సరే" అంది. సరే, శాలువాయే అల్లుదామని, ఊలు పనివాళ్ళందరూ చూసే రావెల్రీ సైట్లో ఒక ప్యాటర్న్ కొన్నాను. మూడు మూలల శాలువా. మెడ దగ్గర మొదలై కిందికి పెరుగుతూ వస్తుంది. పైన సాదా అల్లిక, కింద లేసు. ఆ డిజైనర్ పేరు ఇక్కడ రాయను. అవసరం లేదు కూడా.

ఈ రకం శాలువా లెక్క చాలా తేలిక. తొమ్మిది కుట్లతో మొదలవుతుంది. అంచుకి అటు మూడు, ఇటు మూడు, నడుమ వెన్నులాగా ఒకటి, వెన్నుకి అటూ ఇటూ ఒక్కొక్కటి. ఆ తర్వాత వరస విడిచి వరసలో నాలుగు కుట్లు పెరుగుతాయి. రెండు అంచుల పక్కన రెండు, వెన్నుకి రెండువైపులా రెండు. పెంచడమంటే సూదికి ఊలు ఒక చుట్టు చుట్టడమే. అలా చుట్టిన ప్రతిచోటా చిన్న కన్నం మిగులుతుంది. అంటే రెండు వరసలకి నాలుగు కుట్లు. ఇది గుర్తుంటే చాలు, మిగతాదంతా ఎక్కాలే.

ప్యాటర్న్‌లో ఇలా ఉంది: 1, 2 వరసలు అల్లండి, ఆపైన ఇంకో 28 సార్లు అల్లండి, మొత్తం 58 వరసలు, ఇప్పుడు సూది మీద 129 కుట్లు ఉంటాయి. నేను అల్లాను. లెక్కపెట్టాను. 125 ఉన్నాయి.

ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు తన మీదే అనుమానం వస్తుంది. రావాలి కూడా. రాత్రి టీవీ చూస్తూ అల్లేదాన్ని, ఎక్కడో ఒక చుట్టు మర్చిపోయి ఉంటాననుకున్నాను. మళ్ళీ లెక్కపెట్టాను. 125. విప్పేద్దామని సూది లాగబోతుంటే అమ్మ ఆపింది. అమ్మకి ఊలు పని రాదు. కానీ నరసాపురం లేసు వచ్చు. చిన్నప్పుడు అరుగు మీద కూచుని కొక్కెంతో నూలుదారం అల్లిన చెయ్యి అది. వాళ్ళకి కాగితం మీద రాసిన లెక్కలేమీ ఉండేవి కావు. మాదిరి ముక్క చేతికిస్తే దాన్ని చూసి పువ్వులు లెక్కపెట్టుకుని అల్లేవాళ్ళు.

"ఏవైపు తగ్గిందో చూశావా?" అని అడిగింది.

చూడలేదు. అంచులు మూడూ మూడూ, వెన్ను ఒకటీ తీసేస్తే అటు 59, ఇటు 59 ఉన్నాయి.

"నువ్వు జారిస్తే ఒకవైపే జారుతుందే. రెండువైపులా సమానంగా తగ్గిందంటే అది కుట్టు కాదు, వరస."

నిజమే కదా! మర్చిపోయిన చుట్టయితే ఒకటో రెండో కుట్లు తగ్గుతాయి, అదీ ఒకవైపు. నాలుగు తగ్గి, రెండువైపులా సరిసమానంగా ఉందంటే పెంచే వరస ఒకటి మొత్తానికే లేదన్నమాట. అది నేను వదిలేశానా, ప్యాటర్నే వదిలేసిందా అన్నది తేలాలి. దానికీ దారి ఉంది. పెంచిన ప్రతి వరసా వెన్ను పక్కన ఒక కన్నం వదులుతుంది కదా, ఆ కన్నాలు లెక్కపెడితే ఎన్ని వరసలు పెంచామో తెలిసిపోతుంది. పదికొకటి చొప్పున పిన్నీసు గుచ్చుకుంటూ లెక్కపెట్టాను. 29 కన్నాలు. ప్యాటర్న్ చెప్పింది ఒకసారీ, మరో 28 సార్లూ. అంటే 29. చెప్పింది చెప్పినట్టే అల్లాను.

ఇక కాగితం పెన్సిలు పట్టుకున్నాను. 29 సార్లు నాలుగు అంటే 116, దానికి మొదటి తొమ్మిది కలిపితే 125. "ఇంకో 28" అనడంలో నాకు పొరపాటు అర్థమైందేమో, మొత్తం 28 అని వాళ్ళ ఉద్దేశమేమో అని కూడా చూశాను. అలా అయితే 121 వస్తుంది, ఇంకా దూరం. పోనీ 129 అన్న అంకే అచ్చుతప్పా? కాదు. కింద లేసు పన్నెండు కుట్ల పువ్వు, చివర ఒకటి అదనం. 129 ఉంటే ఒక్కో సగానికి 61 వస్తాయి, అయిదు పువ్వులూ ఒక కుట్టూ చక్కగా సరిపోతాయి. 59కి ఏ పువ్వూ కుదరదు. పైగా లేసు అయిదుసార్లు, పన్నెండేసి వరసలు అల్లాక 249 కుట్లు ఉంటాయని రాసింది. పన్నెండు వరసలకి 24, అయిదుసార్లకి 120. 129కి కలిపితే సరిగ్గా 249. కాబట్టి కుట్ల లెక్క గట్టిగానే ఉంది, వరసల లెక్కే రెండు తక్కువ. ఇంకో రెండు వరసలు అల్లాను. 129 వచ్చాయి. లేసు మొదటి వరస కుదిరినట్టు కూచుంది.

ఇక్కడితో ఆపేసి ఉండొచ్చు. మావారు అదే అన్నారు, "నీ శాలువా బాగుపడింది కదా, ఇంకా ఎందుకు?" అని. నేనూ ఆపేసేదాన్నే. ఆ శనివారం లైబ్రరీకి వెళ్ళి ఉండకపోతే.

షారన్ ఫోర్క్స్ లైబ్రరీలో ఒక మూల బల్ల దగ్గర మేం నలుగురం తెలుగువాళ్ళం అప్పుడప్పుడూ ఊలు సంచులతో కలుస్తాం. అందులో ఒక పెద్దావిడ ఉన్నారు. కొడుకు దగ్గర ఉంటారు. అక్కడ ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ సంచిలోంచి మెలికలు తిరిగిన ఊలు ఉండ తీశారు. అల్లి విప్పిన ఊలు చూడగానే తెలుస్తుంది, నూడుల్సులా ఉంటుంది. అదే ప్యాటర్న్. మూడుసార్లు విప్పారట. "నాలుగు కుట్లు తక్కువొస్తున్నాయమ్మా. నా కళ్ళు సరిగా కనబడటం లేదులే అనుకున్నాను" అన్నారు. లెక్కలు చెప్పిన మనిషి! అచ్చయిన కాగితాన్ని అనుమానించడం మనకి చేతకాదు. ఆవిడ మూడుసార్లు తనని తానే తప్పుపట్టుకున్నారు. నేను "మనకెందుకులే" అనుకుంటే ఇంకెందరు అలా విప్పుతారో. ఆ రాత్రే డిజైనర్‌కి రాయడానికి కూచున్నాను.

మొదటి చిత్తు కోపంతో వచ్చింది: మీ ప్యాటర్న్ తప్పు, 28ని 29 చెయ్యండి, దీనివల్ల ఒకావిడ మూడుసార్లు విప్పింది. రెండోది మన పెంపకంలోంచి వచ్చింది: నేను కొత్తదాన్ని, తప్పు నాదే కావచ్చు, మీ డిజైన్లంటే ఎంతో ఇష్టం, క్షమించాలి, మీకు వీలుంటే... అలా పదిహేను లైన్లు సాగాక ఎక్కడో చివర 125 అన్న అంకె. మొదటిది మర్యాద కాదని ఎవరైనా ఒప్పుకుంటారు. రెండోదీ మర్యాద కాదని నేనంటాను. చదివే మనిషి నన్ను ఓదార్చి, పొగడ్తలు దాటుకుని, అసలు ఏ పేజీలో ఏమైందో తనే వెతుక్కోవాలి. మన మొహమాటం బరువు ఎదుటివాళ్ళ నెత్తిన పెట్టడం కదా అది.

చివరికి పంపింది ఇది. రాసింది ఇంగ్లీషులో, తెలుగులో చెప్తున్నాను:

"నమస్తే. మీ శాలువా మా అమ్మకోసం అల్లుతున్నాను. నా దగ్గర ఉన్నది వెర్షన్ 1.2. మూడో పేజీలో, సాదా భాగం చివర 58 వరసలకి 129 కుట్లు అని ఉంది. నాకు 125 వచ్చాయి, ఒక్కో సగానికి 59. తొమ్మిదితో మొదలై 29 సార్లు నాలుగు పెంచితే కాగితం మీద కూడా 125 వస్తోంది. ఇంకో రెండు వరసలు అల్లితే 129 అయి, లేసు సరిపోయింది. రెండు వరసలు తగ్గాయా, లేక అంతకుముందు ఎక్కడైనా పెంచాల్సింది నేను చూడలేదా? నాకు తెలిసిన మరొకరికీ ఇలాగే 125 వచ్చాయి. నా పని ఆగలేదు, తొందరేమీ లేదు. మీకు తెలిస్తే మంచిదని రాస్తున్నాను."

పంపేముందు రెండు పనులు చేశాను. ప్యాటర్న్ పేజీలో దిద్దుబాట్లు ఏమైనా పెట్టారేమో, నాకంటే కొత్త వెర్షన్ ఉందేమో చూశాను. సగం ఫిర్యాదులకి అక్కడే జవాబుంటుంది. ఇక డబ్బుపెట్టి కొన్న ప్యాటర్న్‌లోని వాక్యాలు అందరికీ కనపడేచోట పెట్టకుండా ఆవిడకే విడిగా పంపాను.

రెండురోజులకి జవాబొచ్చింది. తొలి వెర్షన్‌లో 1వ వరసకి ముందుండే సిద్ధం చేసుకునే వరసలోనే నాలుగు కుట్లు పెరిగేవట. అంటే 13తో మొదలై, 58 వరసలకి 116 కలిసి 129. మెడ దగ్గర కన్నాలు పెద్దగా కనబడుతున్నాయని ముందుగా అల్లి చూసినవాళ్ళంటే ఆ వరసని సాదా చేశారు. కింద వరసల లెక్క మార్చడం మర్చిపోయారు. అంకెలు సరిచూసే ఎడిటర్ చూసింది ఆ మార్పుకి ముందు.

అంటే తప్పు పుట్టింది నేను వేలెట్టి చూపించాలనుకున్న 28 దగ్గర కాదు, నేను చూడనే చూడని చోట! ఆవిడ తలుచుకుంటే 28ని అలాగే ఉంచి, పాత పెంపు తిరిగి పెట్టొచ్చు. ఆ రెండిట్లో ఏది మంచిదో అల్లేదానికి తెలీదు, డిజైన్ చేసినావిడకే తెలుస్తుంది. అందుకే నా అభిప్రాయం ఇది: మనకి కనిపించింది చెప్పాలి, ఎక్కడ కనిపించిందో చెప్పాలి, ఎలా సరిచూశామో చెప్పాలి. దిద్దడం మాత్రం వాళ్ళకి వదిలెయ్యాలి.

ఆవిడ "ఇంకో 29 సార్లు, మొత్తం 60 వరసలు" అని దిద్ది వెర్షన్ 1.3 పెట్టారు. కొన్నవాళ్ళందరికీ కబురు వెళ్ళింది. అమ్మ శాలువా లేసులో మూడో వంతు దాకా వచ్చింది. పెద్దావిడకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అన్నారు. ఆ ఊలే తడిపి ఆరేసి, సాపు చేసుకుని, నాలుగోసారి మొదలుపెట్టారట.