తల్లిదండ్రులకూ ఒక గంట
కాలేజీలో తొలిరోజు స్వాగతసభతో మొదలై, సీనియర్ల పరిచయంతో, ప్రాంగణమంతా తిప్పి చూపడంతో సాగుతుంది. 2019లో యూజీసీ ‘దీక్షారంభ్’ పేరుతో దీనికి మార్గదర్శకాలిచ్చింది. తల్లిదండ్రుల సమావేశం మాత్రం విడిగా, తీరిగ్గా జరగాలి. సూరత్ పర్వత్ పాటియా వైపు స్థిరపడిన తెలుగు నేత కుటుంబాల్లో చాలామందికి పిల్లల కాలేజీ చదువే కొత్త. వాళ్ల మొదటి భయం ర్యాగింగ్. యూజీసీ 2009 ర్యాగింగ్ నిరోధక నిబంధనల ప్రకారం విద్యార్థితోపాటు తల్లి గానీ తండ్రి గానీ హామీపత్రం ఇవ్వాలి. గుజరాతీలోనో ఇంగ్లిషులోనో గబగబా చదివేస్తే అది అర్థంకాని కాగితంపై సంతకమే అవుతుంది. తెలుగు వచ్చిన సీనియర్‌ను పక్కన కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం విడమర్చి చెప్పించాలి. అక్కడే ర్యాగింగ్ ఫిర్యాదుల నంబరు 1800-180-5522ను, వార్డెన్ నంబరును వాళ్ల ఫోన్లలో ఎక్కించాలి.